విదేశీ ప్రయాణానికి ఏ కార్డు తీసుకెళ్లాలి: టీసీఎస్, మార్కప్ పక్కపక్కన పెట్టి చూస్తే

విదేశీ ప్రయాణం ఖాయం కాగానే ఇంట్లో మొదలయ్యే ప్రశ్న ఒకటే: "ఏ కార్డు వాడితే ఆ 20 శాతం పడదు?" రిటర్నులు వేసే సీజన్లో నా దగ్గరకు వచ్చేవాళ్లు కూడా ఇదే అడుగుతారు. అడగడంలో తప్పేమీ లేదు. అయితే ఆ 20 శాతానికి భయపడి చాలామంది ఎంచుకునే దారిలో అంతకన్నా నిజమైన నష్టం ఉంటుంది. 20 శాతం పేరుతో బ్యాంకు ముందుగానే పట్టుకునే ఆదాయపు పన్ను, అంటే టీసీఎస్, మన పాన్ మీద మన పేరుతోనే ప్రభుత్వానికి జమవుతుంది, మళ్లీ లెక్కలోకి వస్తుంది. విదేశీ కరెన్సీలో చేసిన ఖర్చు మీద కార్డు కంపెనీ తీసుకునే 3.5 శాతం రుసుము, అంటే మార్కప్, దాని మీద జీఎస్టీ మాత్రం ఎప్పటికీ తిరిగి రావు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టేయకుండా విడివిడిగా లెక్క వేసుకుంటే కార్డు ఎంపిక తేలికవుతుంది.

ముందు నియమం ఏమిటో చూద్దాం. దేశంలో నివసించే వ్యక్తి విదేశాలకు పంపే డబ్బు, విదేశీ ప్రయాణానికి కొనే కరెన్సీ రిజర్వు బ్యాంకు వారి ఎల్‌ఆర్‌ఎస్ అనే పథకం కిందకు వస్తాయి. ఒక ఆర్థిక సంవత్సరంలో ఒక పాన్ మీద ఇలా వెళ్లిన మొత్తం రూ.10 లక్షలు దాటితే, దాటిన భాగం మీద టీసీఎస్ పడుతుంది. 2025 ఏప్రిల్ 1కి ముందు ఈ పరిమితి రూ.7 లక్షలు ఉండేది. ప్రయాణ ఖర్చులు, బహుమతులు, పెట్టుబడుల వంటి వాటికి రేటు 20 శాతం. సొంత డబ్బుతో కట్టే చదువు ఖర్చుకు, వైద్యానికి 2025-26లో 5 శాతం ఉండగా 2026 ఏప్రిల్ 1 నుంచి దాన్ని 2 శాతానికి తగ్గించారు. గుర్తింపు పొందిన ఆర్థిక సంస్థ నుంచి తీసుకున్న విద్యారుణంతో కట్టే ఫీజుపై 2025 ఏప్రిల్ నుంచి టీసీఎస్ అసలే లేదు.

ఇందులో ఎక్కువమంది పొరబడేది ఆ పది లక్షల దగ్గరే. చదువుకు పది లక్షలు, ప్రయాణానికి ఇంకో పది లక్షలు అనుకుంటారు. అలా కాదు. అన్ని అవసరాలకూ కలిపి, అన్ని బ్యాంకులకూ కలిపి, ఒక పాన్‌కు ఏడాదికి ఒకే పది లక్షలు. అది ముందు దేనికి వాడేస్తే దానికే సరి. మన రెండు రాష్ట్రాల్లో పిల్లల్ని అమెరికా పంపిన ఇళ్లలో ఈ పరిమితి సెమిస్టర్ ఫీజుకే కరిగిపోతుంది. తర్వాత కాన్వొకేషన్‌కు బయల్దేరే తల్లిదండ్రులు విదేశీ కరెన్సీ ముందే నింపించుకునే ఫారెక్స్ కార్డు మీద మొదటి రూపాయి నుంచే 20 శాతం పడుతుంది. కాబట్టి ఆ ఇంటి లెక్కే తీసుకుంటాను.

ఏ కార్డు లెక్కలోకి వస్తుంది, ఏది రాదు

ఫారెక్స్ కార్డులో డబ్బు లోడ్ చేసిన రోజే ఆ మొత్తం ఎల్‌ఆర్‌ఎస్ లెక్కలోకి వెళ్తుంది. అక్కడికి వెళ్లి ఖర్చు పెట్టారా లేదా అన్నది చూడరు. డెబిట్ కార్డుతో విదేశంలో చేసిన ఖర్చు, ఏటీఎంలో తీసిన నగదు కూడా ఈ లెక్కలోవే. క్రెడిట్ కార్డుకు మాత్రం ప్రస్తుతానికి మినహాయింపు ఉంది.

ఆ మినహాయింపు ఎలా వచ్చిందో తెలిస్తే దాని హద్దు కూడా తెలుస్తుంది. 2023 మే 16న కేంద్రం విదేశీ మారక చట్టమైన ఫెమా నియమాల్లోంచి రూల్ 7ను తీసేసింది. విదేశంలో ఉండగా క్రెడిట్ కార్డుతో పెట్టే ఖర్చును ఎల్‌ఆర్‌ఎస్‌కు బయట ఉంచింది ఆ రూలే. జనం నుంచి పెద్దఎత్తున వ్యతిరేకత వచ్చింది. చివరికి జూన్ 28న ఆర్థిక శాఖ ఆ మార్పును వాయిదా వేస్తున్నట్టు ప్రకటించింది. విదేశంలో ఉండగా అంతర్జాతీయ క్రెడిట్ కార్డుతో చేసే ఖర్చు ఎల్‌ఆర్‌ఎస్ కింద లెక్కించబోమని, దాని మీద టీసీఎస్ ఉండదని చెప్పింది. వాయిదా అన్న మాట గుర్తుంచుకోండి, ఇది శాశ్వత హామీ కాదు. "విదేశంలో ఉండగా" అన్న షరతు కూడా గుర్తుంచుకోండి. ఇంట్లో కూర్చుని విదేశీ వెబ్‌సైట్‌లో పెద్ద మొత్తం కట్టేటప్పుడు ఈ మినహాయింపు నేరుగా వర్తిస్తుందని అనుకోకుండా, ముందుగా మీ బ్యాంకును రాతపూర్వకంగా అడిగి జవాబు దాచుకోండి.

కంపెనీ పని మీద వెళ్లి ఆ ఖర్చు కంపెనీయే భరిస్తుంటే అది ఎల్‌ఆర్‌ఎస్ కిందకు రాదు. టూర్ ఆపరేటర్ దగ్గర కొనే ప్యాకేజీకి లెక్కే వేరు. 2026 ఏప్రిల్ నుంచి ప్యాకేజీ మొత్తం మీద, పరిమితి ఏమీ లేకుండా, 2 శాతం పడుతుంది.

విజయవాడ ఇల్లు, టెక్సాస్ కాన్వొకేషన్

తండ్రి ప్రైవేటు కంపెనీ ఉద్యోగి. తల్లి గృహిణి, కానీ పాన్ ఉంది, సొంత బ్యాంకు ఖాతా ఉంది. 2025 ఆగస్టులో తండ్రి తన ఖాతా నుంచి కొడుకు ఫీజు కోసం రూ.12 లక్షలు పంపాడు. మొదటి పది లక్షలకు ఏమీ లేదు, మిగిలిన రెండు లక్షల మీద 5 శాతం, అంటే రూ.10,000 టీసీఎస్ పట్టారు. డిసెంబరులో కాన్వొకేషన్. అక్కడి ఖర్చుకు రూ.3 లక్షలు తీసుకెళ్లాలి.

ఫారెక్స్ కౌంటర్లో మొదట అడిగేది ఇదే: "సార్, ఈ ఏడాది మీ పాన్ మీద ఇంతకు ముందు ఏమైనా బయటికి పంపారా?" తండ్రి ఉన్నది ఉన్నట్టు చెబితే రసీదులో టీసీఎస్ వరుసలో రూ.60,000 కనిపిస్తుంది. కాన్వొకేషన్ కూడా చదువు కిందే కదా, 5 శాతమే వేయమని అడిగేవాళ్లున్నారు. అది కుదరదు. 2023 జూన్ 30 నాటి సర్క్యులర్‌లో చదువు ఖర్చు అంటే చదువుకునే వ్యక్తి టికెట్, ఫీజు, ఆ చదువుకు కావలసిన రోజువారీ ఖర్చులు అని ఉంది. తల్లిదండ్రుల ప్రయాణం అందులో లేదు. బ్యాంకు భాషలో చెప్పాలంటే అబ్బాయి ఫీజుకు కోడ్ S0305, అమ్మానాన్నల ప్రయాణానికి S0306.

ఇక ఇప్పుడు ఈ మూడు లక్షలకు దారులు చూద్దాం.

మొదటిది, తండ్రి పేరుతోనే ఫారెక్స్ కార్డు. ఇప్పుడు చేతి నుంచి రూ.60,000 అదనంగా వెళ్తుంది. తిరిగి రానివి వేరే ఉన్నాయి: కార్డు ఫీజు కొన్ని వందలు, కరెన్సీ మార్పిడిపై జీఎస్టీ, రేటులో తేడా. మూడు లక్షల మార్పిడికి జీఎస్టీ లెక్క ఇలా వస్తుంది. మొదటి లక్షకు రూ.1,000, మిగిలిన రెండు లక్షల మీద అర శాతం అంటే ఇంకో రూ.1,000, కలిపి రూ.2,000 విలువ. దాని మీద 18 శాతం, రూ.360. రేటులో తేడా అన్నది రసీదులో విడిగా కనిపించదు. అందుకే కౌంటర్ దగ్గరే ఫోన్‌లో మార్కెట్ రేటు చూసి పోల్చుకోవాలి. డాలరు 90 దగ్గర ఉన్నప్పుడు వాళ్లు రూపాయి ఎక్కువ వేస్తే మూడు లక్షలకు దాదాపు రూ.3,300 పోయినట్టు. ఇది బేరమాడదగిన అంకె. రెండు మూడు చోట్ల అడిగితే తగ్గిస్తారు.

రెండోది, తండ్రి క్రెడిట్ కార్డు. అక్కడికి వెళ్లాక వాడితే టీసీఎస్ సున్నా. కానీ మామూలు కార్డుల్లో మార్కప్ 3.5 శాతం దాకా ఉంటుంది. మూడు లక్షలకు రూ.10,500, దాని మీద జీఎస్టీ రూ.1,890, మొత్తం రూ.12,390. ఇది పోయిన డబ్బు.

ఇక్కడ ఆగి ఈ రెండింటినీ పోల్చండి. టీసీఎస్ రూపంలో ఆగిన రూ.60,000 తొమ్మిది నెలల తర్వాత రీఫండ్‌గా వచ్చిందనుకున్నా, 7 శాతం ఎఫ్‌డీ లెక్కన మనం వదులుకున్న వడ్డీ రూ.3,150. ఫారెక్స్ కార్డు ఖర్చులు ఓ నాలుగు వేలు కలిపినా ఏడు వేల చిల్లరే అవుతుంది. 20 శాతం తప్పించుకున్నామన్న సంతోషంతో మామూలు క్రెడిట్ కార్డు గీకిన ఇల్లు రూ.12,390 వదులుకుంది. కార్డు గురించి అడిగేవాళ్లందరికీ నేను ముందు చూపించే లెక్క ఇదే.

అయితే జీరో మార్కప్ క్రెడిట్ కార్డులు ఉన్నాయి, ఒకటి ఒకటిన్నర శాతం తీసుకునేవీ ఉన్నాయి. మీ దగ్గర జీరో మార్కప్ కార్డు ఉంటే ఈ పోలిక అక్కడే ముగిసిపోతుంది, అదే తీసుకెళ్లండి. కార్డు వార్షిక ఫీజు ఎంతో మాత్రం చూసుకోండి. ఆ కార్డుతో ఏటీఎంలో నగదు మాత్రం తీయొద్దు, తీసిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. ఇంకో సంగతి, అక్కడి దుకాణంలో మెషీన్ రూపాయల్లో కట్టమంటారా, డాలర్లలోనా అని అడిగితే డాలర్లే నొక్కండి. రూపాయలు నొక్కితే ఆ దుకాణం వైపు రేటు పడుతుంది, అది ఇంకా ఎక్కువ.

మూడోది, తండ్రి డెబిట్ కార్డు. దీనికి మార్కప్పూ ఉంటుంది, టీసీఎస్సూ ఉంటుంది, ఏటీఎం ఫీజు అదనం. పరిమితి దాటిన పాన్ మీద ఇది అన్నిటికన్నా చెడ్డ ఎంపిక. అత్యవసరానికి పర్సులో ఉంచుకోవడం వరకే.

నాలుగోది ఈ ఇంటికి అసలైన దారి. తల్లి పేరుతో ఫారెక్స్ కార్డు. ఆమె పాన్ మీద ఈ ఏడాది రూపాయి కూడా బయటికి వెళ్లలేదు, కాబట్టి పది లక్షలూ అలాగే ఉన్నాయి. తండ్రి మూడు లక్షలు ఆమె ఖాతాకు బదిలీ చేస్తాడు. భర్త భార్యకు ఇచ్చే డబ్బు మీద ఆమెకు పన్ను లేదు. ఆమె తన ఖాతా నుంచి, తన పాస్‌పోర్టు, వీసా, టికెట్ చూపించి తన పేరుతో కార్డు తీసుకుంటుంది. టీసీఎస్ సున్నా, ఖర్చు నాలుగు వేల లోపు. షరతు ఏమిటంటే ఆమె నిజంగా ప్రయాణం చేస్తుండాలి, డబ్బు ఆమె ఖాతా నుంచే వెళ్లాలి. ఇంట్లో ఉండిపోయే వాళ్ల పాన్ వాడి ఇంకొకరి ప్రయాణానికి కార్డు తీయించడం సరికాదు.

హోటల్, అద్దె కారు దగ్గర డిపాజిట్ కింద కొంత మొత్తం బ్లాక్ చేస్తారు. అది ఫారెక్స్ కార్డు మీద పడితే ఖర్చుకు ఉన్న డబ్బే రోజుల తరబడి ఇరుక్కుపోతుంది. అందుకని ఆ రెండు చోట్ల మాత్రం క్రెడిట్ కార్డు ఇచ్చి, మిగతాదంతా తల్లి ఫారెక్స్ కార్డుతో గడపమని నేను చెబుతాను.

ఇంకాస్త ముందే ఆలోచించి ఉంటే ఆగస్టులో ఆ రూ.10,000 కూడా పడేది కాదు. ఫీజులో తొమ్మిది లక్షలు తండ్రి, మూడు లక్షలు తల్లి పంపి ఉంటే ఇద్దరూ పరిమితి లోపలే ఉండేవారు. అలాగే కాన్వొకేషన్ మేలో ఉన్నవాళ్లు మార్చి ఆఖరి వారంలో కార్డు లోడ్ చేయించుకోకుండా ఏప్రిల్ 1 దాటేదాకా ఆగితే కొత్త ఏడాది పరిమితి మొదలవుతుంది.

స్టేట్‌మెంట్లో ఏది ఎక్కడ కనిపిస్తుంది

తండ్రి పేరుతోనే కార్డు తీసుకున్నారనుకుందాం. అప్పుడు రూ.60,000 ఎలా కనిపిస్తుందో, దాన్ని ఎక్కడ వెతకాలో చూద్దాం.

ఫారెక్స్ కార్డు రసీదులో డాలర్లు, రేటు, రూపాయల విలువ, కార్డు ఫీజు, జీఎస్టీ, టీసీఎస్ వేర్వేరు వరుసల్లో ఉంటాయి. కార్డు స్టేట్‌మెంట్ మాత్రం డాలర్లలో నడుస్తుంది, అందులో టీసీఎస్ కనిపించదు. లోడ్ చేసిన రోజు రసీదే ఆధారం, దాన్ని పారేయొద్దు. డబ్బు బ్యాంకు ఖాతా నుంచి వెళ్తే, ఖాతా స్టేట్‌మెంట్లో కొన్ని బ్యాంకులు అసలు మొత్తాన్ని, టీసీఎస్‌ను రెండు డెబిట్లుగా చూపిస్తాయి, కొన్ని అంతా కలిపి ఒకే అంకె వేస్తాయి. డెబిట్ కార్డు ఖర్చయితే దుకాణం పేరుతో ఒక వరుస, మార్కప్ ఒక వరుస, దాని జీఎస్టీ ఒక వరుస, TCS అన్న అక్షరాలతో ఇంకో వరుస వస్తాయి. పరిమితికి దగ్గరగా ఉన్నవాళ్లు ఆ టీసీఎస్‌కు సరిపడా డబ్బు ఖాతాలో ఉంచుకోవాలి.

క్రెడిట్ కార్డు బిల్లు చూసి కంగారు పడేవాళ్లను ఎందరినో చూశాను. దుకాణం పేరు కింద మార్కప్ ఫీజు, దాని కింద IGST అని ఉంటుంది. దాన్ని టీసీఎస్ అనుకుని రిటర్నులో వేయమంటారు. అది జీఎస్టీ, ఆదాయపు పన్నుతో సంబంధం లేనిది, తిరిగి రాదు. TCS అన్న అక్షరాలు ఉన్న వరుస ఒక్కటే లెక్కకు వస్తుంది.

స్టేట్‌మెంట్లో ఉన్నంత మాత్రాన పని అయిపోలేదు. ఆ డబ్బు మీ పాన్ మీద ప్రభుత్వానికి చేరిందని చెప్పేది ఫారం 26ఏఎస్. బ్యాంకు పట్టుకున్న టీసీఎస్‌ను తర్వాతి నెల 7లోపు జమ చేస్తుంది, కానీ ఎవరి పాన్ మీద ఎంత అన్న వివరం మూడు నెలలకోసారి వేసే రిటర్నులోనే ఇస్తుంది. మన ఉదాహరణలో డిసెంబరు టీసీఎస్ అక్టోబరు-డిసెంబరు త్రైమాసికంలోకి వస్తుంది. దానికి గడువు జనవరి 15, అది దాటిన 15 రోజుల్లో, అంటే జనవరి 30లోపు బ్యాంకు మీకు ఫారం 27డి సర్టిఫికెట్ ఇవ్వాలి. కాబట్టి డిసెంబరు చివర్లో 26ఏఎస్ తెరిచి ఏమీ కనిపించలేదని బెంగపడనక్కర్లేదు. ఫిబ్రవరి మొదట్లో చూడండి. ఆరో భాగంలో బ్యాంకు పేరు, పన్ను పట్టే సంస్థగా దానికిచ్చిన టాన్ నంబరు, సెక్షన్ దగ్గర 206CQ అన్న కోడ్, మొత్తం, టీసీఎస్ కనిపించాలి.

మార్చిలో పట్టిన టీసీఎస్‌కు అసలు ఓపిక కావాలి. ఆ త్రైమాసికం గడువు మే 15. ఏప్రిల్‌లోనే తొందరపడి రిటర్ను వేసేస్తే ఆ క్రెడిట్ అందులో ఉండదు, తర్వాత సవరించుకోవాల్సి వస్తుంది.

ఆ రూ.60,000 ఎలా వెనక్కి వస్తుంది

జీతగాళ్లకు అన్నిటికన్నా దగ్గరి దారి ఫారం 12బీఏఏ. 2024 అక్టోబరు 1 నుంచి ఉద్యోగి తాను కట్టిన టీసీఎస్ వివరాలు యజమానికి ఇస్తే, జీతంలో కోసే టీడీఎస్‌ను ఆ మేరకు తగ్గించాలి. అంతకు ముందు ఇది లేదు, అందరూ రీఫండ్ కోసమే ఎదురుచూసేవారు. ఇంత మంచి వెసులుబాటు వచ్చినా దీన్ని వాడుకునేవాళ్లు నాకు చాలా అరుదుగా కనిపిస్తున్నారు, చాలామందికి ఫారం పేరు కూడా తెలియదు.

మన ఉదాహరణలో తండ్రి నెల జీతంలో టీడీఎస్ రూ.25,000 అనుకుందాం. ఆయన మీద ఏడాదిలో పట్టిన టీసీఎస్ ఆగస్టు రూ.10,000, డిసెంబరు రూ.60,000, మొత్తం రూ.70,000. జనవరిలో పెట్టుబడుల ఆధారాలు ఇచ్చేటప్పుడే 12బీఏఏ కూడా ఇచ్చాడు. అందులో రాసేది పెద్దగా ఏమీ లేదు, బ్యాంకు పేరు, చిరునామా, టాన్, సెక్షన్, మొత్తం, టీసీఎస్. జనవరి నుంచి మార్చి దాకా కోయాల్సిన రూ.75,000లోంచి రూ.70,000 తగ్గి, మూడు నెలలకూ కలిపి రూ.5,000 మాత్రమే కోస్తారు. అంటే డిసెంబరులో ఆగిన డబ్బు మార్చికల్లా జీతంలో చేతికి వచ్చేసింది. మూడు నెలలు ఆగినందుకు నష్టం రూ.1,050 దాటదు. పేరోల్ వాళ్లు ఆధారం అడిగితే రసీదు, 27డి చూపించాలి. మార్చి జీతం లెక్క కట్టేశాక ఇస్తే మాత్రం లాభం లేదు, ఇక రిటర్నే దిక్కు.

పెన్షన్ తీసుకునేవాళ్లు కూడా పెన్షన్ మీద టీడీఎస్ పడుతుంటే ఆ బ్యాంకుకు ఇదే వివరం ఇవ్వవచ్చు. ఎఫ్‌డీ వడ్డీ మీద కోసే టీడీఎస్‌కు ఈ సర్దుబాటు లేదు. వ్యాపారులు, వృత్తి నిపుణులు అడ్వాన్స్ ట్యాక్స్ వాయిదా లెక్కలో టీసీఎస్‌ను తీసేసి మిగిలింది కడితే సరిపోతుంది. ఏప్రిల్, మేలలో ప్రయాణం చేసే వ్యాపారికి జూన్ 15 వాయిదాలోనే సర్దుబాటు అయిపోతుంది, అందుకని ఆయన టీసీఎస్‌కు భయపడాల్సింది ఇంకా తక్కువ.

ఏదీ కుదరనివాళ్లకు రిటర్ను ఉంది. ఐటీఆర్ ఫారాల్లో టీసీఎస్‌కు విడిగా షెడ్యూల్ ఉంటుంది, 26ఏఎస్‌లో ఉన్నది అందులో ముందే నిండి వస్తుంది. ఈ ఏడాది ఎంత క్లెయిమ్ చేస్తున్నారన్న గడిలో అంకె ఉందో లేదో తప్పక చూడండి. పాత విధానమైనా కొత్త విధానమైనా తేడా లేదు, ఇది మినహాయింపు కాదు, ముందే కట్టిన పన్ను. 12బీఏఏ ఇచ్చినవాళ్లు కూడా ఈ షెడ్యూల్ నింపాలి. టీడీఎస్ తగ్గింది కాబట్టి, టీసీఎస్ చూపించకపోతే రిటర్నులో పన్ను బాకీ కనిపిస్తుంది.

గడువులోపు వేసిన రిటర్నులో రీఫండ్ వస్తే ఏప్రిల్ 1 నుంచి నెలకు అర శాతం వడ్డీ ఇస్తారు. రీఫండ్ మొత్తం అసలు పన్నులో పది శాతం కన్నా తక్కువైతే ఆ వడ్డీ ఉండదు. టీసీఎస్ కట్టిన రోజు నుంచి మార్చి 31 దాకా ఉన్న కాలానికి ఎలాగూ వడ్డీ లేదు. అందుకే రీఫండ్ మీదే ఆధారపడే వాళ్లకు ఏప్రిల్‌లో పడిన టీసీఎస్ ఎక్కువ బరువు, ఫిబ్రవరిలో పడింది తక్కువ బరువు.

ఎక్కడ తేడా కొడుతుంది

ఆదాయం పన్ను పరిధిలో లేని పెద్దవాళ్ల విషయంలో ఎక్కువగా చూసే పొరపాటు, రిటర్ను వేయకపోవడం. పన్ను లేదు కదా అని వదిలేస్తే టీసీఎస్ కూడా అలాగే వదిలేసినట్టు. పైగా విదేశీ ప్రయాణానికి ఏడాదిలో రూ.2 లక్షలకు మించి ఖర్చు పెట్టినవాళ్లు ఆదాయం ఎంత తక్కువ ఉన్నా రిటర్ను వేయడం తప్పనిసరి. టీడీఎస్, టీసీఎస్ కలిపి రూ.25,000 చేరినా తప్పనిసరే, అరవై దాటినవాళ్లకు ఆ హద్దు రూ.50,000. మన ఉదాహరణలో తల్లి పేరుతో కార్డు తీసుకుంటే టీసీఎస్ పడదు గానీ, ఆమె తన పేరుతో రిటర్ను వేయాల్సి ఉంటుంది. ఆదాయపు పన్ను శాఖ తయారుచేసే వార్షిక లావాదేవీల పట్టిక ఏఐఎస్‌లో ఆమె పేరు మీద కరెన్సీ కొన్నట్టు కనిపిస్తుంది, డబ్బు ఎక్కడిదని అడిగితే భర్త ఖాతా నుంచి వచ్చిన బదిలీ చూపించాలి. అందుకే నగదుగా కాకుండా బ్యాంకు ద్వారానే ఇవ్వమంటాను.

రెండోది, క్రెడిట్ పాన్‌ను పట్టుకునే ఉంటుంది. భార్య పాన్ మీద పడిన టీసీఎస్‌ను భర్త రిటర్నులో వేసుకోలేరు. మైనర్ పిల్లల పేరు మీద పట్టినదాన్ని మాత్రం, ఆ పిల్లల ఆదాయం కలిపి చూపించే తల్లి లేదా తండ్రి క్లెయిమ్ చేసుకునే వీలు 2025 జనవరి 1 నుంచి వచ్చింది. అందుకు బ్యాంకుకు ముందుగా డిక్లరేషన్ ఇవ్వాలి.

మూడోది, రెండు బ్యాంకులు వాడేవాళ్ల సంగతి. ఒక బ్యాంకులో పది లక్షలు పంపి, ఇంకో చోట ఏమీ పంపలేదని సంతకం పెడితే ఆ రోజుకు టీసీఎస్ తప్పుతుంది. కానీ ఆ డిక్లరేషన్ తప్పయితే బాధ్యత సంతకం పెట్టినవాళ్లదే. వెనక్కి వచ్చే డబ్బు కోసం అబద్ధపు కాగితం మీద సంతకం పెట్టడం నాకు ఏ విధంగానూ సబబుగా అనిపించదు.

నాలుగోది, కార్డులో మిగిలిన డాలర్లు. మూడు లక్షలు లోడ్ చేసి లక్ష మిగిల్చి వెనక్కి ఇచ్చేసినా, బ్యాంకు అప్పటికే జమ చేసిన టీసీఎస్‌ను మీ చేతికి ఇస్తుందని ఆశ పెట్టుకోవద్దు, అది రిటర్నులోనే రాబట్టుకోవాలి. పరిమితి దాటిన పాన్ మీద కార్డు తీసుకునేవాళ్లు ఒకేసారి పెద్ద మొత్తం వేయించుకోకుండా, అవసరాన్ని బట్టి ఆన్‌లైన్‌లో రీలోడ్ చేసుకోవడం మేలు.

26ఏఎస్‌లో గడువు దాటి రెండు మూడు వారాలైనా ఎంట్రీ కనిపించకపోతే ఎక్కువసార్లు కారణం తప్పు పాన్, లేదా జాయింట్ ఖాతాలో ఇంకొకరి పాన్. రసీదు, ఖాతా స్టేట్‌మెంట్ జతచేసి, తేదీ, మొత్తం రాసి, సవరణ రిటర్ను వేయమని బ్యాంకుకు ఈమెయిల్ పెట్టండి. పాన్ మార్చగలిగేది బ్యాంకే, ఆదాయపు పన్ను కార్యాలయం చుట్టూ తిరిగితే ఉపయోగం లేదు. ఎంట్రీ రాకముందే రిటర్నులో చేత్తో టైపు చేసి క్లెయిమ్ చేస్తే ప్రాసెసింగ్‌లో క్రెడిట్ కొట్టేసి నోటీసు పంపుతారు. 2025-26 ఖర్చులకు రిటర్ను పాత చట్టం కిందే. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చింది కాబట్టి ఆ తర్వాతి ప్రయాణాలకు ఫారాల నంబర్లు వేరుగా ఉంటాయి. పేరోల్ వాళ్లను "టీసీఎస్ వివరాలు ఇచ్చే ఫారం" అని అడిగితే సరైనదే ఇస్తారు.